కువహర ఫిల్టర్: గుండె చిత్రం నుంచి వర్ణచిత్రం వరకు

ఫోటోను రంగులతో వేసిన బొమ్మలా మార్చే సాధనాలను మీరు చూసే ఉంటారు. నేడు ఈ పనికి ఎక్కువగా కృత్రిమ మేధకు చెందిన డిఫ్యూజన్ నమూనాలను వాడుతున్నారు. అయితే ఇలాంటి ఫలితాన్నే కేవలం సగటులతో సాధించే పద్ధతి 1976 నాటికే ఉంది. అది చిత్రకళ కోసం పుట్టింది కాదు. దాని చరిత్రను, పని తీరును ఈ పాఠంలో తెలుసుకుందాం.

నేపథ్యం

రోగి రక్తంలోకి స్వల్ప పరిమాణంలో రేడియోధార్మిక పదార్థాన్ని ఎక్కించి, అది గుండె గదుల గుండా సాగుతుండగా గామా కెమెరాతో చిత్రాలు తీసే పద్ధతి ఒకటి ఉంది. కెమెరాకు చేరే కిరణాలు తక్కువ కాబట్టి ఆ చిత్రాలు చుక్కలు చుక్కలుగా వస్తాయి. గుండె గది పరిమాణాన్ని కొలవాలంటే దాని అంచు స్పష్టంగా తెలియాలి. చుక్కలు పోవడానికి మామూలు సగటు తీస్తే అంచు కూడా చెరిగిపోతుంది. ఈ చిక్కుకు పరిష్కారంగా జపాన్‌కు చెందిన ఎం. కువహర, ఆయన సహచరులు 1976లో ఒక పద్ధతిని ప్రచురించారు. ఆయన పేరే దానికి స్థిరపడింది.

పని తీరు

ప్రతి పిక్సెల్ చుట్టూ 5×5 గడుల చతురస్రాన్ని తీసుకుంటారు. దానిలో నాలుగు మూలలకు నాలుగు 3×3 చతురస్రాలు వస్తాయి. మధ్య పిక్సెల్ నాలుగింటిలోనూ ఉంటుంది. ఒక్కో చతురస్రానికి సగటును, విస్తృతిని కడతారు. విలువలు సగటు నుంచి ఎంతగా చెదిరి ఉన్నాయో విస్తృతి చెబుతుంది. విస్తృతి అతి తక్కువగా ఉన్న చతురస్రం సగటునే మధ్య పిక్సెల్‌కు ఇస్తారు.

దీన్ని ఒకే వరుసలో చూస్తే సులభంగా అర్థమవుతుంది. ఆరు పిక్సెళ్ల ప్రకాశ విలువలు ఇవి అనుకోండి:

18, 22, 20, 80, 82, 78

మూడో పిక్సెల్‌ను తీసుకోండి. దాని ఎడమ గుంపు 18, 22, 20. దీని సగటు 20, విస్తృతి సుమారు 2.7. కుడి గుంపు 20, 80, 82. దీని విస్తృతి సుమారు 828. కాబట్టి ఎడమ గుంపును ఎంచుకుంటాం. కొత్త విలువ 20. నాలుగో పిక్సెల్‌కు ఇలాగే చేస్తే కుడి గుంపు ఎంపికై 80 వస్తుంది. అదే ఐదు పిక్సెళ్ల మామూలు సగటు తీసి ఉంటే ఈ రెండు విలువలు 44.4, 56.4 అయ్యేవి. అంటే 60 ఉన్న తేడా 12కు పడిపోయేది. కువహర పద్ధతిలో అంచుకు ఇరువైపులా ప్రాంతాలు చదునవుతాయి, అంచు మాత్రం నిలుస్తుంది. కుంచెతో పూసిన రంగు పట్టీలా కనిపించడానికి కారణం ఇదే.

పరిమితులు

20, 20, 80, 20, 20 అనే వరుసలో 80 ఒక సన్నని గీత. దాని రెండు వైపుల గుంపుల సగటూ 40 కాబట్టి గీత 40కి తగ్గుతుంది. మరోసారి ఫిల్టర్ వేస్తే సుమారు 27 అవుతుంది. అంటే కనురెప్పల వెంట్రుకలు, సన్నని రక్తనాళాలు మాయమవుతాయి. అసలు చిత్రం నుంచి ఫలితాన్ని తీసివేసి చూడండి. ఆ తేడా చిత్రంలో గీతలు కనిపిస్తే అవి పోయాయని గ్రహించాలి.

చతురస్రాల వల్ల గళ్ల వంటి మచ్చలు రావడం రెండో లోపం. 2007లో పాపరి, పెట్కోవ్, కాంపిసి చతురస్రాలకు బదులు వృత్తాన్ని ముక్కలుగా చేసి, ఒక్కదాన్నే ఎంచుకోకుండా అన్నిటినీ తగిన భారాలతో కలిపారు. 2009లో కిప్రియానిడిస్, కాంగ్, డాల్నర్ ఆ వృత్తాన్ని చిత్రంలోని అంచు దిశగా సాగే దీర్ఘవృత్తంగా మార్చారు. దాంతో కుంచె గీతలు జుట్టు వెంట, ఆకుల వెంట సాగినట్లు కనిపించసాగాయి. 2023లో వచ్చిన బ్లెండర్ 4.0లో పాత రూపం, ఈ దిశానుగుణ రూపం రెండూ ఉన్నాయి.

డిఫ్యూజన్‌తో తేడా

డిఫ్యూజన్ నమూనా ఫోటోకు కొంత నాయిస్ కలిపి, అసంఖ్యాక చిత్రాల నుంచి నేర్చుకున్న దాని ఆధారంగా దాన్ని మెట్టుమెట్టుగా తొలగిస్తుంది. ఈ క్రమంలో అసలు లేని వేలు, లేని బొత్తాం పుట్టవచ్చు. కువహర ఫలితంలోని ప్రతి విలువా ఆ చోట ఉన్న పిక్సెళ్ల సగటే. దానికి శిక్షణ చిత్రాలు అక్కరలేదు. అవే అమరికలతో ఎన్నిసార్లు వేసినా అదే ఫలితం వస్తుంది. అది వివరాన్ని పోగొట్టగలదు గాని కొత్త వస్తువును కల్పించలేదు. అందుకే ఒక ప్రత్యేక చిత్రకారుని శైలిని తెచ్చిపెట్టడం దానికి సాధ్యం కాదు. వైద్య చిత్రానికైనా, తన ఫోటో తనదిగానే ఉండాలనుకునే కళాకారునికైనా ఎంపిక ఈ తేడాపైనే ఆధారపడుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

30, 34, 32, 90, 94, 92 వరుసలో మూడో, నాలుగో పిక్సెళ్లకు కొత్త విలువలు కనుక్కోండి. (జవాబు: 32, 92)