సింప్లెక్స్ పద్ధతిలో చక్రభ్రమణం: హాఫ్‌మన్ నుంచి బ్లాండ్ వరకు ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

జార్జ్ డాంట్జిగ్ 1947లో రూపొందించిన సింప్లెక్స్ పద్ధతి, లీనియర్ ప్రోగ్రామింగ్ సమస్యకు గల సాధ్య ప్రాంతపు ఒక శీర్షం నుంచి మరొక శీర్షానికి సాగుతుంది. అడుగడుగునా లక్ష్య ప్రమేయపు విలువ పెరిగితే, ఒకసారి విడిచిన ఆధారం మళ్లీ రావడం అసాధ్యం. ఆధారాల సంఖ్య పరిమితం గనుక పద్ధతి ఎప్పుడో ఒకప్పుడు ముగియక తప్పదు. ఈ వాదం సరళమైనదే. అయితే ఇది ‘అడుగడుగునా విలువ పెరిగితే’ అనే ఒక్క షరతుపై నిలిచి ఉంది. 1951లో కూప్‌మన్స్ సంపాదకత్వంలో వెలువడిన సంపుటంలో డాంట్జిగ్ తన పద్ధతిని వివరించినప్పుడు ఈ షరతును ఊహగా స్వీకరించాడు. ఆ ఊహ చెల్లని చోట ఏమి జరుగుతుంది అన్న ప్రశ్న 1952 నుంచి 1977 వరకు పరిశోధకులను వెంటాడింది. ఆ ప్రశ్నకు లభించిన సమాధానాలను బీల్ ఉదాహరణ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

డిజెనరసీ స్వరూపం

m సమీకరణాలు గల సమస్యలో ఆధారంలో m చలరాశులు ఉంటాయి. వాటిలో ఏదైనా ఒకటి సున్న విలువను పొందితే ఆ ఆధార పరిష్కారాన్ని డిజెనరేట్ పరిష్కారం అంటారు. జ్యామితీయంగా చూస్తే, అవసరమైన వాటికంటే ఎక్కువ తలాలు ఒకే శీర్షం గుండా పోవడమే ఇందుకు కారణం. అప్పుడు ఒకే శీర్షాన్ని సూచించే ఆధారాలు అనేకం ఉండవచ్చు. ఆధారం మారినా శీర్షం మారదు, లక్ష్య ప్రమేయపు విలువా మారదు.

ఇది అరుదైన స్థితి కాదు. n పనులను n మందికి కేటాయించే సమస్యను తీసుకుందాం. ఆధారంలో 2n−1 చలరాశులు ఉంటాయి. కానీ ఏ కేటాయింపులోనైనా n చలరాశులు మాత్రమే 1 విలువను పొందుతాయి. మిగిలిన n−1 ఆధార చలరాశులు సున్నగా ఉండక తప్పదు. అంటే ఈ సమస్యలో ప్రతి శీర్షమూ డిజెనరేట్ శీర్షమే.

నిష్పత్తి పరీక్షలో రెండు అడ్డువరుసలు సమాన కనిష్ఠాన్ని ఇచ్చినప్పుడు, ఏ చలరాశిని ఆధారం నుంచి తొలగించాలన్నది పద్ధతి తనంతట తాను నిర్ణయించదు. అక్కడ ఏదో ఒక నియమం కావాలి. ఆ నియమం సరైనది కాకపోతే ఆధారాల వరుస తిరిగి మొదటికే రావచ్చు. దీనినే చక్రభ్రమణం అంటారు.

ఉదాహరణల ఆవిర్భావం

ఈ చరిత్రలో పరిష్కారం ముందు వచ్చింది, ఉదాహరణ తరువాత వచ్చింది. అబ్రహాం చార్న్స్ 1952లో ‘ఎకనోమెట్రికా’ పత్రికలో డిజెనరసీని తొలగించే విధానాన్ని ప్రకటించాడు. అలాన్ హాఫ్‌మన్ 1953లో నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ నివేదికలో చక్రభ్రమణం నిజంగా సంభవించే ఉదాహరణను నిర్మించాడు. అందులో 3 సమీకరణాలు, 11 చలరాశులు ఉన్నాయి. గుణకాలు 2π/5 కోణపు త్రికోణమితీయ విలువలపై ఆధారపడినవి. 1955లో ఇ.ఎం.ఎల్. బీల్ అకరణీయ సంఖ్యలతోనే, 7 చలరాశులతో మరింత చిన్న ఉదాహరణ ఇచ్చాడు. గరిష్ఠీకరణ రూపంలో అది ఇలా ఉంటుంది:

```
z = (3/4)x1 − 20x2 + (1/2)x3 − 6x4
(1/4)x1 −  8x2 −      x3 + 9x4 + x5 = 0
(1/2)x1 − 12x2 − (1/2)x3 + 3x4 + x6 = 0
x3 + x7 = 1
```

చలరాశులన్నీ రుణేతరాలు. x5, x6, x7 తొలి ఆధారం. మొదటి రెండు సమీకరణాల కుడివైపు సున్న ఉన్నందున ప్రారంభ శీర్షమే డిజెనరేట్.

ఆరు అడుగుల చక్రం

డాంట్జిగ్ నియమాన్ని పాటిద్దాం. z అడ్డువరుసలో అత్యధిక ధన గుణకం గల చలరాశి ఆధారంలోకి ప్రవేశిస్తుంది. నిష్పత్తులు సమానమైతే తక్కువ సూచిక గల చలరాశి నిష్క్రమిస్తుంది.

మొదటి అడుగులో x1 గుణకం 3/4 గనుక అది ప్రవేశిస్తుంది. x5, x6 అడ్డువరుసలు రెండూ సున్న నిష్పత్తినే ఇస్తాయి. నియమం ప్రకారం x5 నిష్క్రమిస్తుంది. పివట్ చేసిన తరువాత z అడ్డువరుస 4x2 + (7/2)x3 − 33x4 − 3x5 అవుతుంది. ఇప్పుడు x2 గుణకం అత్యధికం. x2 ప్రవేశించి x6 నిష్క్రమిస్తుంది. మిగిలిన అడుగులు కూడా ఇదే రీతిలో సాగుతాయి:

| అడుగు | ప్రవేశం (z గుణకం) | సమాన నిష్పత్తులు | నిష్క్రమణ |
|---|---|---|---|
| 1 | x1 (3/4) | x5, x6 | x5 |
| 2 | x2 (4) | లేవు | x6 |
| 3 | x3 (2) | x1, x2 | x1 |
| 4 | x4 (3) | లేవు | x2 |
| 5 | x5 (1) | x3, x4 | x3 |
| 6 | x6 (2) | లేవు | x4 |

ఆరవ అడుగు ముగిసేసరికి ఆధారం మళ్లీ x5, x6, x7. పట్టికలోని ప్రతి సంఖ్యా మొదట ఉన్నట్లే ఉంటుంది. ఆరు అడుగులలోనూ z విలువ సున్న దాటలేదు. కానీ ఈ సమస్య గరిష్ఠ విలువ 5/4. x1 = 1, x3 = 1, x5 = 3/4 వద్ద అది లభిస్తుంది. గమ్యం ఉన్నదని తెలిసినా, నియమం దానిని చేరనీయడం లేదు.

ఈ పట్టికలో గమనించవలసిన విషయం మరొకటి ఉంది. నిష్క్రమించే చలరాశిని ఎంచడంలో తక్కువ సూచిక నియమాన్ని ప్రతిసారీ పాటించాము. అయినా చక్రం తప్పలేదు. నిష్క్రమణకు మాత్రమే తక్కువ సూచిక నియమం పెట్టుకుంటే చాలదని ఇది నిరూపిస్తుంది.

విచలన పద్ధతి, నిఘంటు క్రమం

చార్న్స్ ఆలోచన ఇది: కుడివైపున ఉన్న సంఖ్యలను అతి స్వల్పంగా కదిపితే ఒకే బిందువు వద్ద కలిసిన తలాలు విడిపోతాయి. కుడివైపు విలువలను ε, ε², 1 + ε³ అని తీసుకుందాం. ఇక్కడ ε ఎంతో చిన్నది. కనుక ε² దానికంటే మరీ చిన్నది. x1 ప్రవేశించేటప్పుడు నిష్పత్తులు వరుసగా 4ε, 2ε². రెండవది చిన్నది. కాబట్టి x6 నిష్క్రమించాలి. అప్పుడు z అడ్డువరుసలో x3 గుణకం 5/4, మిగిలినవి రుణాలు. x3 నిలువు వరుసలో మొదటి రెండు అంశాలు రుణాలు గనుక x7 నిష్క్రమిస్తుంది. రెండే అడుగులలో z = 5/4 వద్దకు చేరుకున్నాము. ఇక ధన గుణకం మిగలలేదు. చక్రంలో పడటానికీ బయటపడటానికీ మధ్య తేడా, మొదటి అడుగులో x5 బదులు x6ను ఎంచుకోవడమే.

ε కు నిజంగా ఒక సంఖ్యావిలువ ఇవ్వనవసరం లేదని డాంట్జిగ్, ఆర్డెన్, వోల్ఫ్ 1955లో ‘పసిఫిక్ జర్నల్ ఆఫ్ మ్యాథమెటిక్స్’లో చూపారు. ε ఘాతాల గుణకాలను ఒక సదిశగా భావించి, నిఘంటువులో పదాలను పోల్చినట్లు మొదటి అంశం నుంచి వరుసగా పోల్చితే చాలు. ఈ క్రమంలో రెండు అడ్డువరుసలు ఎన్నటికీ సమానం కావు. అలా సమానమైతే ఆధారపు విలోమ మాత్రికలో రెండు అడ్డువరుసలు అనుపాతంలో ఉండాలి. అది అసాధ్యం. కాబట్టి z సదిశ ప్రతి అడుగులోనూ నిఘంటు క్రమంలో ఖచ్చితంగా పెరుగుతుంది. డాంట్జిగ్ తొలి వాదానికి అవసరమైన షరతు ఈ విధంగా మళ్లీ నెరవేరింది.

బ్లాండ్ నియమం

నిఘంటు క్రమానికి సదిశలను పోల్చే పని ఉంటుంది. సూచికలను మాత్రమే చూసే నియమం సాధ్యమా? కట్టా గోపాలకృష్ణ మూర్తి 1974లో భారతీయ పత్రిక ‘ఆప్‌సెర్చ్’లో, లీనియర్ కాంప్లిమెంటారిటీ సమస్యకు ఒక సూచికా క్రమ నియమాన్ని ప్రతిపాదించాడు. సింప్లెక్స్ పద్ధతికి అటువంటి నియమాన్ని రాబర్ట్ బ్లాండ్ 1977లో ప్రకటించాడు. ధన గుణకం గల చలరాశులలో కనిష్ఠ సూచిక గలది ప్రవేశించాలి. నిష్పత్తులు సమానమైన చోట కనిష్ఠ సూచిక గలదే నిష్క్రమించాలి.

బీల్ సమస్యలో తొలి నాలుగు అడుగులు పై పట్టికలో ఉన్నట్లే సాగుతాయి. అయిదవ అడుగులో x1 గుణకం 1/2, x5 గుణకం 1. డాంట్జిగ్ నియమం x5ను ఎంచుకున్నది. బ్లాండ్ నియమం x1ను ఎంచుకుంటుంది. x1 నిలువు వరుసలో ధన అంశం మూడవ అడ్డువరుసలో మాత్రమే ఉంది, అది 5/2. కాబట్టి x7 నిష్క్రమించి x1 = 2/5, z = 1/5 అవుతాయి. శీర్షం మొదటిసారి కదిలింది. ఆరవ అడుగులో x5 ప్రవేశించి x4 నిష్క్రమించగా z = 5/4 లభిస్తుంది.

దీని నిరూపణ వైరుధ్య పద్ధతిలో సాగుతుంది. చక్రం ఉన్నదనుకుందాం. చక్రంలో ప్రవేశించి నిష్క్రమించే చలరాశులలో అత్యధిక సూచిక గలది xt అనుకుందాం. అది ప్రవేశించే పట్టికలో, చక్రంలోని ఇతర చలరాశుల గుణకాలు ధనం కావు. లేకపోతే వాటిలో చిన్నదాన్నే ఎంచుకునేవారం. ఇప్పుడు xt నిష్క్రమించే అడుగులో కదిలే దిశను తీసుకొని, ఆ దిశలో z పెరుగుదలను మొదటి పట్టిక గుణకాలతో లెక్కిద్దాం. పెరుగుదల ధనాత్మకం. కానీ xt వాటా రుణాత్మకం. ప్రవేశించే చలరాశి వాటా ధనాత్మకం కాజాలదు. కనుక చక్రంలోని మరొక చలరాశి xj వాటా ధనాత్మకం కావాలి. దాని గుణకం రుణం గనుక ఆ దిశలో xj తగ్గుతుండాలి. xj విలువ సున్న గనుక అది కూడా నిష్క్రమణకు అర్హమే. దాని సూచిక t కంటే చిన్నది. నియమం ప్రకారం xj నిష్క్రమించవలసింది, xt కాదు. ఇదే వైరుధ్యం. ప్రవేశ నియమం, నిష్క్రమణ నియమం రెండూ ఇక్కడ విడదీయరానివిగా ఉపయోగపడటం గమనించదగినది.

పరిమితులు

చక్రం లేదన్న హామీ వేగానికి హామీ కాదు. బ్లాండ్ నియమంతో అడుగుల సంఖ్య సమస్య పరిమాణంతో పాటు ఘాతీయంగా పెరగగలదని ఏవిస్, ఖ్వాతల్ 1978లో చూపారు. పెద్ద ధన గుణకాలను వదిలి చిన్న సూచికను అనుసరించడం వల్ల ఈ నియమం ఆచరణలో నెమ్మదిగా నడుస్తుంది.

చక్రభ్రమణం కృత్రిమ ఉదాహరణలకే పరిమితమన్న అభిప్రాయాన్ని కొటియా, స్టైన్‌బర్గ్ 1978లో ప్రశ్నించారు. క్యూ సిద్ధాంతం నుంచి వచ్చిన ఒక వాస్తవ నమూనాలో అది సంభవించిందని వారు నివేదించారు. అయినా కంప్యూటర్ గణనలో తరచుగా ఎదురయ్యేది చక్రం కాదు, స్తంభన: ఆధారాలు మారుతూనే ఉంటాయి, z మాత్రం ఎన్నో అడుగుల వరకు కదలదు. రెండింటినీ వేరు చేయడానికి ఆధారాల జాబితాను భద్రపరచి చూడాలి. పాత ఆధారం తిరిగి వస్తే చక్రం, రాకపోతే స్తంభన. ఈ అవసరానికి గిల్, మర్రే, సాండర్స్, రైట్ 1989లో, పరిమితులను ప్రతి అడుగులో కొద్దిగా విస్తరించే విధానాన్ని ప్రతిపాదించారు. చార్న్స్ 1952లో కాగితంపై ప్రతీకగా ఉంచిన ε, ఆ విధానంలో ఒక వాస్తవ సంఖ్యగా తిరిగి వచ్చింది.

ముగింపు

బీల్ సమస్యను మూడు నియమాలతో పోల్చితే ఫలితం స్పష్టం. డాంట్జిగ్ నియమం ఆరు అడుగులకు మొదటికే చేరుతుంది. నిఘంటు నియమం రెండు అడుగులలో, బ్లాండ్ నియమం ఆరు అడుగులలో పరిష్కారాన్ని ఇస్తాయి. నిఘంటు నియమం నిష్క్రమణను మాత్రమే కట్టడి చేసి ప్రవేశానికి స్వేచ్ఛనిస్తుంది. బ్లాండ్ నియమం రెండింటినీ కట్టడి చేస్తుంది, కానీ సూచికలకు మించిన సమాచారాన్ని కోరదు. 1951 నాటి ఊహ స్థానంలో నిరూపణ రావడానికి ఈ రెండు మార్గాలూ వేర్వేరు మూల్యాలు చెల్లించాయి.