ఒక్క నక్షత్రం, పావుకిలో ఆవకాయ

"అమ్మా, మన పరువు తీసేసింది ఎవరో!"

ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు కొడుకు. గూగుల్‌లో వాళ్ల పచ్చళ్ల కొట్టు పేరు కింద ఒకే ఒక్క నక్షత్రం. "ఆవకాయ డబ్బా మూత తీయగానే బూజు. డబ్బులు దండగ. ఎవరూ కొనకండి" అని రాసి, ఫొటో కూడా పెట్టారు. కొట్టున్నది కృష్ణా జిల్లాలో ఓ చిన్న టౌనులో. ఊరూ పేరూ బయటపెట్టొద్దన్నారు కాబట్టి తల్లీ కొడుకులనే రాస్తున్నాను.

కొడుకు అప్పటికే జవాబు టైపు చేసేశాడు: "తడి చెంచా పెట్టింది మీరు, నింద మాకా?"

"పంపేశావా?"

"ఇంకా లేదు."

"అయితే ఆగు. ముందా ఫొటో పెద్దది చెయ్యి."

తల్లి కళ్లజోడు పెట్టుకుని చూసింది. సీలు కాగితం సగం ఊడి ఇంకా డబ్బా అంచునే వేలాడుతోంది. పచ్చడి మీద చెంచా దూరిన గుంట లేదు. నాలుగైదు ముక్కలు మాత్రం నూనెలోంచి తలలు బయటపెట్టి ఉన్నాయి. తెల్లటి బూజు ఆ తలల మీదే ఉంది. నూనె నిలిచినచోట ఎర్రగా, శుభ్రంగా ఉంది.

"చెంచా పెట్టలేదురా ఈ రాసినావిడ. ముక్కకి గాలి తగిలింది. నూనె చాల్లేదు."

కొడుకు ఓ పట్టాన ఒప్పుకోలేదు. గూగుల్‌కి రిపోర్టు కొట్టి తీయించేద్దామన్నాడు. తిట్లో, అబద్ధపు ఖాతాలో, సంబంధం లేని రాతలో అయితే తీస్తారు గానీ, కొన్న మనిషి నిజంగా రాసిన ఫిర్యాదును కొట్టువాడికి నచ్చలేదని తీయరు. పోనీ బాబాయ్ పిల్లల చేత అయిదు నక్షత్రాల రివ్యూలు ఓ పది వేయిద్దామన్నాడు. అదీ నిబంధనలకు విరుద్ధమే. పైగా ఒకేరోజు పొగడ్తలు కట్టకట్టుకుని వస్తే చదివేవాళ్లకి తెలియదా?

మధ్యాహ్నానికి ఇద్దరూ కూర్చుని రాసిన జవాబు ఇది:

"మేడమ్, క్షమించండి. ఫొటో చూశాం. ముక్కలు నూనెకి పైన ఉన్నాయి, అది మా ప్యాకింగులో లోపమే అనిపిస్తోంది. ఆ డబ్బా తినకండి. ఆ జాడీ పచ్చడి అమ్మకం ఆపి చూస్తున్నాం. కొట్టు నంబరుకి ఫోన్ చేస్తే మీ డబ్బు తిరిగి పంపుతాం."

రివ్యూ తీసేయమని అందులో అడగలేదు. డబ్బు ఇస్తాం, తీసేయండి అని బేరం పెడితే అది కూడా గూగుల్ ఒప్పుకోదు. ఆవిడ పేరు, ఊరు, ఆర్డరు వివరాలు నలుగురి ముందూ పెట్టలేదు. ఈ జవాబు ఆవిడ ఒక్కరికే కాదు, రేపు కొనబోయేవాళ్లు కూడా చదువుతారు.

అసలు పని ఆ తరువాతే మొదలైంది. షెల్ఫులో మిగిలిన పావుకిలో డబ్బాలన్నీ కిటికీ దగ్గర వరసగా పెట్టి వెలుతురులో చూశారు. కొన్నింట్లో నూనె ముక్కను దాటి నిలిచింది, కొన్నింట్లో పొడిపొడిగా ఉంది. ఒకే జాడీలోంచి వచ్చినవి ఇలా ఎందుకున్నాయి? ప్యాకింగు చేసే అమ్మాయిని పిలిచి, రోజూ ఎలా నింపుతుందో అలాగే నింపమన్నారు.

ఆ అమ్మాయి జాడీని అడుగంటా కలపలేదు. నూనె పైకి తేలుతుంది కదా, మొదటి డబ్బాలకి నూనె దండిగా వెళ్లింది, జాడీ అడుగుకి వచ్చేసరికి ముక్కా పిండీ మిగిలాయి. ఎవరూ అంతవరకూ పక్కన నిలబడి చూడలేదు. రెండు నెలల కిందట ఎవరో "ముక్క ఎండినట్టుంది" అని మూడు నక్షత్రాలతో రాసింది కూడా ఇదే. అప్పుడు తిట్టలేదు కాబట్టి పట్టించుకోలేదు!

మర్నాటి నుంచి పద్ధతి మార్చారు. నింపేముందు జాడీని పొడి గరిటెతో అడుగు నుంచి కలపాలి. డబ్బా నింపి ముక్కల్ని అదిమి, పైన వేలెడు పప్పునూనె విడిగా పోయాలి. మూత మీద తేదీతో పాటు జాడీ నంబరు రాయాలి. ప్రతి జాడీ నుంచి ఒక డబ్బా అమ్మకుండా పక్కన ఉంచాలి, ఫిర్యాదు వస్తే పోల్చి చూసుకోవడానికి.

హైదరాబాదు నుంచి ఆ రివ్యూ రాసినావిడ ఫోన్ చేసింది. "నేను కోపంలో రాశానండీ" అంది.

"కోపం రాదామ్మా మరి, బూజు కనిపిస్తే? ఫొటో పెట్టారు కాబట్టి మాకు తెలిసింది. అకౌంటు నంబరు చెప్పండి."

ఆ నక్షత్రం ఇప్పటికీ ఒక్కటే. మార్చమని వీళ్లు అడగలేదు, ఆవిడా మార్చలేదు. ఈలోగా మరొకాయన రాశాడు: "పావుకిలోలో సగం నూనే!" ఈసారి కొడుకు జవాబుకంటే ముందు డబ్బా తూకం వేశాడు. వెడల్పు మూతి డబ్బాలో వేలెడు నూనె అంటే చాలానే పడుతోంది. సన్నమూతి సీసాలకు మారారు. వాటిలోకి గరిటె పట్టట్లేదని ప్యాకింగు అమ్మాయి రోజూ గొణుగుతోంది.