అపార్ట్‌మెంట్ యజమానుల సంఘం వార్షిక బడ్జెట్

అపార్ట్‌మెంట్‌లో ఉమ్మడిగా వాడుకునే వసతుల నిర్వహణకు, పాతబడిన వాటిని మార్చడానికి ఏడాదికి ఎంత కావాలో లెక్కకట్టి, దాన్ని ఫ్లాట్ల యజమానుల మధ్య పంచే ఆదాయ వ్యయాల అంచనాయే అపార్ట్‌మెంట్ సంఘం వార్షిక బడ్జెట్. ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఉండే ఆర్థిక సంవత్సరానికి కార్యవర్గం దీన్ని తయారుచేస్తుంది, సర్వసభ్య సమావేశం ఆమోదిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఫ్లాట్ల యాజమాన్యానికి 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ఆధారం. సంఘాలు ఎక్కువగా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందగానీ, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కిందగానీ నమోదవుతాయి. ఏ చట్టం కింద నమోదైనా మెయింటెనెన్స్ ఎలా పంచాలి, ఆలస్యమైతే వడ్డీ ఎంత, బకాయి ఎలా రాబట్టాలి అన్న ప్రశ్నలు వచ్చినప్పుడు ముందుగా తెరవాల్సింది సంఘం బైలాస్‌నే.

చాలా సంఘాల్లో బడ్జెట్ అంటే నిరుటి ఖర్చుకు పదో పదిహేనో శాతం కలపడమే. ఇలా చేస్తే వాచ్‌మన్ జీతం, కరెంటు బిల్లు లెక్కలోకి వస్తాయి గానీ, పదేళ్ళ తర్వాత మార్చాల్సిన లిఫ్ట్ రాదు. లిఫ్ట్ రోజూ అరుగుతూనే ఉంటుంది, బిల్లు మాత్రం ఒక్కసారే వస్తుంది. ఆ అరుగుదలను ఏటా కొంత డబ్బుగా పక్కన పెట్టేదే సింకింగ్ ఫండ్. దాన్ని ఎంత పెట్టాలో తేల్చడం బడ్జెట్‌లో అసలు కష్టమైన పని.

హైదరాబాద్‌లో కనిపించే మామూలు భవనాన్ని ఉదాహరణగా తీసుకుందాం. స్టిల్ట్ మీద ఐదంతస్తులు, 40 ఫ్లాట్లు, మొత్తం 50,000 చదరపు అడుగులు, రెండు లిఫ్టులు, ఒక జనరేటర్, కట్టి పన్నెండేళ్ళు. ఇక్కడి అంకెలు లెక్క చూపడానికి ఊహించినవే. పగటి వాచ్‌మన్, రాత్రి గార్డు, ఊడ్చేవాళ్ళ జీతాలు కలిపి ఏడాదికి రూ. 5,88,000. లిఫ్టులు, మోటార్లు, మెట్ల లైట్ల కరెంటు రూ. 3,84,000. జలమండలి బిల్లు, ఎండాకాలం ట్యాంకర్లు కలిపి రూ. 3,00,000. లిఫ్టుల వార్షిక నిర్వహణ ఒప్పందానికి రూ. 90,000, డీజిల్‌కు, జనరేటర్ సర్వీసుకు రూ. 60,000. ప్లంబింగ్, మోటార్ రీవైండింగ్ లాంటి చిల్లర మరమ్మతులు, బీమా, ఆడిట్ ఫీజు, అనుకోని ఖర్చులు అన్నీ కలిపి మరో రూ. 1,98,000. మొత్తం రూ. 16,20,000. చదరపు అడుగుకు నెలకు రూ. 2.70 పడుతుంది.

ఇందులో నీళ్ళ పద్దును పన్నెండు నెలలకూ సమానంగా వేసుకోకూడదు. బోరు ఎండే మార్చి నుంచి జూన్ దాకా ట్యాంకర్ల ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది. వర్షాకాలంలో మిగిలిన డబ్బును ఈ నాలుగు నెలల కోసం దాచకపోతే, ట్యాంకర్ల బిల్లు కట్టడానికి కోశాధికారి సింకింగ్ ఫండ్ వైపే చూడాల్సి వస్తుంది.

సింకింగ్ ఫండ్ లెక్క

దీనికి కావాల్సింది ఒక జాబితా: భవనంలో మార్చాల్సిన పెద్ద వస్తువులు, ఇవాళ్టి ధర, మిగిలిన ఆయుష్షు. మన భవనంలో లిఫ్టులు రెండూ మార్చడానికి ఇవాళ రూ. 24 లక్షలు అవుతుందనీ, ఇంకా పదేళ్ళు నడుస్తాయనీ అనుకుందాం. బయటి పెయింటింగ్‌కు రూ. 14 లక్షలు, నాలుగేళ్ళు. డాబా వాటర్‌ప్రూఫింగ్‌కు రూ. 6 లక్షలు, మూడేళ్ళు. జనరేటర్‌కు రూ. 8 లక్షలు, ఎనిమిదేళ్ళు. బ్యాంకులో ఇప్పటికే ఉన్న నిధి రూ. 9,60,000.

ఉన్న డబ్బును ముందు దగ్గరలో ఉన్న పనికి కేటాయించాలి. డాబాకు రూ. 6 లక్షలు పోను మిగిలిన రూ. 3,60,000 పెయింటింగ్‌కు జమ. పెయింటింగ్‌కు ఇంకా కావాల్సిన రూ. 10,40,000ను నాలుగేళ్ళకు పంచితే ఏడాదికి రూ. 2,60,000. లిఫ్టులకు రూ. 2,40,000, జనరేటర్‌కు రూ. 1,00,000. మొత్తం రూ. 6,00,000, అంటే చదరపు అడుగుకు నెలకు ఒక రూపాయి. మెయింటెనెన్స్‌తో కలిపితే రూ. 3.70. అప్పుడు 1,250 చదరపు అడుగుల ఫ్లాట్‌కు నెలకు రూ. 4,625 వస్తుంది.

పదేళ్ళ తర్వాత లిఫ్ట్ ధర ఇదే ఉంటుందా? ఉండదు. అందుకే ప్రతి బడ్జెట్‌కూ ముందు ధరలు మళ్ళీ తెప్పించుకుని, మిగిలిన ఏళ్ళతో మళ్ళీ భాగించాలి. ధరల పెరుగుదలలో చాలా భాగాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ పూడ్చుతుంది. పూర్తిగా మాత్రం పూడ్చదు, ఎందుకంటే ఆ వడ్డీకి పన్ను ఉంది. సభ్యులు తమ కోసం తాము వేసుకునే చందా పరస్పరత సూత్రం కింద ఆదాయపు పన్ను పరిధిలోకి రాదు గానీ, బ్యాంకు డిపాజిట్లపై వచ్చే వడ్డీకి ఆ సూత్రం వర్తించదని 2013లో బెంగళూరు క్లబ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బిల్డర్ అప్పగించిన కార్పస్ ఫండ్ వడ్డీతో నెలవారీ మెయింటెనెన్స్ తగ్గించి చూపే కార్యవర్గాలు ఈ పన్నును మరిచిపోతుంటాయి. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. వడ్డీ తినేస్తే అసలు అంతే ఉంటుంది, దాని విలువ ఏటా కరుగుతుంది.

డాబా పని అయిపోయిన రోజునే దాని తర్వాతి విడత లెక్క మొదలవుతుంది. ‘వాటర్‌ప్రూఫింగ్ అయింది కదా, చందా తగ్గించండి’ అనే మాటకు సమావేశంలో చప్పట్లు పడతాయి గానీ, తగ్గించిన సొమ్మును ఏడెనిమిదేళ్ళ తర్వాత ఒక్కసారిగా వేసుకోవాల్సి వస్తుంది. మహారాష్ట్ర సహకార గృహ సంఘాల నమూనా బైలాస్‌లో సింకింగ్ ఫండ్‌కు ఏటా ఫ్లాటు నిర్మాణ వ్యయంలో కనీసం 0.25 శాతం, మరమ్మతుల నిధికి 0.75 శాతం అని ఉంటుంది. ఏ లెక్కా లేని చోట ఇది మంచి ఆరంభమే. పన్నెండేళ్ళు దాటిన భవనానికి మాత్రం వస్తువుల జాబితా ప్రకారం వేసిన లెక్కే నమ్మదగ్గది.

జాబితాలో రాసిన ఆయుష్షు నిజమో కాదో భవనమే చెబుతుంది. డాబా నీరు కారుతుంటే పై అంతస్తు శ్లాబులో గోధుమరంగు చారలు కడతాయి. అక్కడ చేతి వేళ్ళతో తడితే ప్లాస్టరింగ్ బోలుగా మోగుతుంది, మరికొన్నాళ్ళకు పెచ్చులూడి తుప్పుపట్టిన ఇనుప చువ్వలు బయటపడతాయి. అప్పటికి అది వాటర్‌ప్రూఫింగ్‌తో పోయే పని కాదు, శ్లాబు మరమ్మతు కూడా కలుస్తుంది. లిఫ్ట్ రోప్ తీగల మధ్య నుంచి ఎర్రటి పొడి రాలుతుంటే లోపల తీగలు అరుగుతున్నాయని గుర్తు. ఇవి కనిపించిన ఏడాదే మిగిలిన ఏళ్ళ గడిని తగ్గించి లెక్క మళ్ళీ వేయాలి.

ఈ నిధిని మెయింటెనెన్స్ ఖాతాలో కలపకూడదు. వేరే ఖాతా, ఇద్దరి సంతకాలు, సర్వసభ్య సమావేశం తీర్మానం ఉంటేనే డబ్బు తీయాలన్న నియమం ఉండాలి.

పంపకం, జీఎస్టీ

అందరికీ సమానంగా వేయాలా, విస్తీర్ణాన్ని బట్టి వేయాలా అన్న తగాదా లేని అపార్ట్‌మెంట్ అరుదు. వాచ్‌మన్, ఊడ్పు ఖర్చు ఫ్లాటు చిన్నదైనా పెద్దదైనా ఒకటే. పెయింటింగ్, భవన మరమ్మతులు ఆస్తి విలువను కాపాడతాయి కాబట్టి విస్తీర్ణం లెక్కన పంచడం సబబు. ఈ రెండింటినీ కలిపిన పద్ధతి న్యాయంగా ఉంటుంది గానీ, బైలాస్‌లో రాసుకున్నాకే అమలు చేయాలి. ఇక జీఎస్టీ విషయానికొస్తే, ఒక్కో సభ్యుడి చందా నెలకు రూ. 7,500 దాటకపోతే పన్ను లేదు. ఈ పరిమితి 2018 జనవరి 25 నుంచి ఉంది. మన ఉదాహరణలో సంఘం వసూళ్ళు ఏడాదికి రూ. 22,20,000, అంటే రిజిస్ట్రేషన్‌కు గీటురాయి అయిన రూ. 20 లక్షల కంటే ఎక్కువ. అయినా ఏ ఫ్లాటూ రూ. 7,500 దాటలేదు కాబట్టి పన్ను పడదు. రేటు పెంచేముందు అన్నిటికంటే పెద్ద ఫ్లాటు ఎంత కడుతుందో చూసుకోవాలి.

బకాయిలు

పై లెక్కంతా అందరూ కడితేనే నిలుస్తుంది. రూ. 22,20,000లో పది శాతం రాలేదనుకుందాం. రూ. 2,22,000 లోటు. వాచ్‌మన్ జీతం, కరెంటు బిల్లు ఆపలేం కాబట్టి లోటంతా సింకింగ్ ఫండ్ మీదే పడుతుంది. రూ. 6,00,000 పడాల్సిన చోట రూ. 3,78,000 పడుతుంది. పది శాతం బకాయి నిధిలో ముప్పై ఏడు శాతాన్ని మింగేసిందన్నమాట. ఇదే పదేళ్ళు సాగితే పోయేది రూ. 22,20,000, దాదాపు రెండు లిఫ్టుల ధర. అప్పుడు ఫ్లాటుకు రూ. 50,000కు పైగా స్పెషల్ కలెక్షన్ వేయాల్సి వస్తుంది. ‘మేం లిఫ్టే ఎక్కం’ అని మొదటి అంతస్తు వాళ్ళు అంటారు. ఎగ్గొట్టినవాళ్ళ వాటా కూడా క్రమం తప్పక కట్టినవాళ్ళే భరిస్తారు. సింకింగ్ ఫండ్‌కు మిగిలిన డబ్బు కాకుండా, నెలనెలా వచ్చిన వసూళ్ళలో దాని వాటాను మొదటే వేరే ఖాతాకు మళ్ళిస్తే లోటు ఆ నెలలోనే అందరికీ కనిపిస్తుంది.

బకాయిల పట్టీలో మొత్తం ఎంతో రాస్తే చాలదు, ఎన్నాళ్ళ నుంచో కూడా రాయాలి. మూడు నెలల లోపు బకాయి సాధారణంగా మరపు వల్లనే, ఒక ఫోన్‌తో వస్తుంది. ఏడాది దాటిన దాని వెనక ఏదో కారణం ఉంటుంది. తాళం వేసిన ఫ్లాట్లు, అమెరికాలో ఉన్న యజమానులు, అద్దెకున్నవాళ్ళు కడతారని యజమాని, యజమాని కడతాడని వాళ్ళు అనుకోవడం, అమ్ముడుపోని ఫ్లాట్లకు కట్టని బిల్డర్, డెవలప్‌మెంట్‌కు స్థలమిచ్చి ఐదారు ఫ్లాట్లు తీసుకుని మొత్తంగా ఆపేసే స్థల యజమాని. లోపల ఎవరున్నా బిల్లు యజమాని పేరునే వేసి, ఆయన ఈమెయిల్‌కు పంపాలి. నాలుగైదు ఫ్లాట్లున్న ఒకే మనిషి బకాయి నలుగురి బకాయితో సమానం కాబట్టి ముందు అక్కడే కూర్చోవాలి.

నీళ్ళు ఆపేద్దాం, లిఫ్ట్ కార్డు తీసేద్దాం అన్న మాట ప్రతి సమావేశంలోనూ వస్తుంది. నీళ్ళు, కరెంటు లాంటి అత్యవసర సదుపాయాలు ఆపితే కట్టనివాడే ఫిర్యాదుదారుగా మారతాడు, సంఘం జవాబు చెప్పుకునే స్థితిలో పడుతుంది. గడువు చూసుకోవడం అంతకంటే ముఖ్యం. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం డబ్బు రాబట్టే దావాకు మామూలుగా మూడేళ్ళే గడువు. ఆ లోపు బకాయిదారు ‘ఇంత కట్టాలి, వాయిదాల్లో కడతాను’ అని సంతకంతో రాసిస్తే, ఆ తేదీ నుంచి గడువు మళ్ళీ మొదలవుతుంది. అందుకే నోటీసుతోపాటు నెలవారీ లెక్క పంపి, రాతపూర్వక జవాబు అడగాలి. దావాకు ముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కు వెళ్ళవచ్చు. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దానిపై అప్పీలు లేదు. ఎదుటివాడు రాజీకి రాకపోతే సివిల్ కోర్టు. అక్కడికి బైలాస్, రేటును ఆమోదించిన తీర్మానం, బిల్లులు, నోటీసులు పంపిన రుజువులు తీసుకెళ్ళాలి. తీర్మానం లేకుండా కార్యవర్గం తనంతట తాను వేసిన వడ్డీ మాత్రం అక్కడ నిలవడం కష్టం.