తెలుగు మహిళకు ఓటు: 1921, 1952, 1967... మూడు తేదీలెందుకు?

అండమాన్‌లోని గరాచర్మ, పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) ప్రాంతాల్లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఆ జిల్లాల్లో కొందరు స్త్రీలకు 1921లోనే ఓటు హక్కు దక్కింది. అండమాన్‌లో మాత్రం స్త్రీలైనా పురుషులైనా లోక్‌సభకు తొలిసారి ఓటేసింది 1967లో. తెలంగాణలో ఆ తేదీ 1952. ఒకే భాష మాట్లాడేవారి మధ్య ఇంత తేడా ఎందుకు?

మద్రాసులో మొదలు

1917లో భారత వ్యవహారాల మంత్రి ఎడ్విన్ మాంటేగు రాజకీయ సంస్కరణలపై అభిప్రాయాలు తెలుసుకోవడానికి మన దేశానికి వచ్చారు. అడయారులో అప్పుడే ఏర్పడిన విమెన్స్ ఇండియన్ అసోసియేషన్‌కు చెందిన మార్గరెట్ కజిన్స్, బాలికల చదువు గురించి ఆయనకు విన్నవించుకోవాలనుకున్నారు. రాజకీయ విషయాలైతేనే వింటామని జవాబు వచ్చింది. దాంతో విన్నపంలో ఓటు హక్కు చేరింది. డిసెంబర్ 18న సరోజినీ నాయుడు నాయకత్వంలో మహిళల బృందం మద్రాసులో మాంటేగును కలిసింది. కొత్త సంస్కరణల్లో ఓటర్ల అర్హతలు రాసేటప్పుడు స్త్రీలను కూడా ‘ప్రజలు’గానే లెక్కించాలన్నది వారి కోరిక.

ఓటర్ల అర్హతలను పరిశీలించిన సౌత్‌బరో కమిటీ దీనికి ఒప్పుకోలేదు. సమాజం సిద్ధంగా లేదని, పరదా పాటించే చోట్ల స్త్రీల ఓటింగ్ కష్టమని వాదించింది. దీనికి జవాబు చెప్పడానికి సరోజిని, అనీ బిసెంట్, హీరాబాయి టాటా, ఆమె కూతురు మిథన్ 1919లో లండన్ వెళ్లారు. బ్రిటిష్ పార్లమెంటు అవునని గానీ కాదని గానీ తేల్చలేదు. ఏ రాష్ట్ర శాసనమండలి కావాలనుకుంటే అది తన పరిధిలో నిషేధం ఎత్తేయవచ్చని చట్టంలో రాసింది.

తేదీలు చీలిపోయింది ఇక్కడే. మహిళా సంఘాలు పిటిషన్లు, సభలు, సభ్యులతో మంతనాల ద్వారా ఒక్కో మండలిలో విడిగా పనిచేయాల్సి వచ్చింది. మద్రాసు మండలి 1921 ఏప్రిల్‌లో తీర్మానం చేసింది. అదే ఏడాది బొంబాయి కూడా ఒప్పుకుంది. బెంగాల్‌లో 1925 దాకా, బిహార్-ఒరిస్సాలో 1929 దాకా ఆగాల్సి వచ్చింది.

హక్కు వచ్చింది, ఓటర్లు ఎందరు?

మద్రాసు తీర్మానం తొలగించింది ‘స్త్రీ’ అన్న అడ్డంకిని మాత్రమే. ఆస్తి, పన్ను అర్హతలు అలాగే ఉండిపోయాయి. భూమి పట్టా భర్త పేరు మీద ఉంటే పన్ను కట్టేదీ, ఓటరయ్యేదీ అతనే. అందుకే వయోజన స్త్రీలలో ఓటరైనది సుమారు నూటికి ఒకరు. 1935 చట్టం ఆస్తి ఉన్న ఓటరు భార్యకూ ఓటిచ్చింది. ఓటును పెళ్లికి ముడిపెట్టడాన్ని ప్రధాన మహిళా సంఘాలు వ్యతిరేకించాయి, అందరికీ వయోజన ఓటు కావాలన్నాయి. అది రాజ్యాంగంతోనే సాధ్యమైంది.

నిజాం పాలనలోని హైదరాబాద్‌కు 1919 చట్టం వర్తించదు. అక్కడి స్త్రీలు వయోజన ఓటు వేసింది 1952 ఎన్నికల్లో. ఆ తొలి ఎన్నికల్లోనే ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి శాసనసభకు ఎన్నికయ్యారు. అప్పటికీ కాగితం మీది హక్కు అందరికీ చేరలేదు. ‘ఫలానా వారి భార్య’, ‘ఫలానా వారి తల్లి’ అని తప్ప సొంత పేరు చెప్పని దాదాపు 28 లక్షల మంది స్త్రీలను దేశవ్యాప్తంగా జాబితాల నుంచి తీసేశారు. వారిలో ఎక్కువ మంది ఉత్తరాది వారు.

అండమాన్‌లో మరో కథ

అండమాన్ నికోబార్ లోక్‌సభ స్థానాన్ని 1952, 1957, 1962లలో రాష్ట్రపతి నామినేషన్‌తో నింపారు. తొలి సభ్యుడు బిషప్ జాన్ రిచర్డ్‌సన్. ఇక్కడ ఓటుకు అడ్డుపడింది ఆడా మగా తేడా కాదు, ఆ ప్రాంతానికి చట్టం ఇచ్చిన హోదా. చట్టం మారాక 1967లో జరిగిన ఎన్నికలో కె.ఆర్. గణేశ్ గెలిచారు. శ్రీకాకుళంలో ఓటేసి 1950లలో ఇక్కడికి వచ్చి స్థిరపడిన మహిళకు, 1967 దాకా ఇక్కడ లోక్‌సభ ఓటు లేనట్టే.

నిర్ణయించేది ఎవరు?

ప్రపంచంలోనూ తేదీల వెనుక ఇదే ప్రశ్న ఉంది. న్యూజిలాండ్‌లో పార్లమెంటు ఒప్పుకుంటే చాలు. కేట్ షెపర్డ్ బృందం దాదాపు 32,000 సంతకాలతో 1893లో ఒప్పించగలిగింది. బ్రిటన్ 1918లో 30 ఏళ్లు దాటి, ఆస్తి అర్హత ఉన్న స్త్రీలకే ఓటిచ్చింది, పురుషులతో సమానం చేసింది 1928లో. స్విట్జర్లాండ్‌లో రాజ్యాంగం మార్చాలంటే ప్రజాభిప్రాయ సేకరణ తప్పదు, అందులో ఓటేసేది పురుషులే. వారు 1959లో కాదన్నారు, 1971లో ఒప్పుకున్నారు.

కాబట్టి ‘ఫలానా ఏడాది మహిళలకు ఓటు వచ్చింది’ అని చదివినప్పుడు మూడు విషయాలు చూడాలి: ఏ సభకు, ఏ స్త్రీలకు, ఎవరి నిర్ణయంతో? అండమాన్‌లో మొదటి ప్రశ్నకు జవాబు ఇప్పటికీ మిగతా తెలుగు ప్రాంతాల్లాంటిది కాదు. ఇక్కడి ఓటర్లు లోక్‌సభకు, స్థానిక సంస్థలకు ఓటేస్తారు. ఎన్నుకోవడానికి వారికి శాసనసభ లేదు.