ధర్మం (కర్తవ్య భావన)

ధర్మం ఒకే ఆజ్ఞ కాదు. ఉద్యోగం, కుటుంబం, భక్తి, ఆపద ఒక్కొక్కటీ ఒక్కో కర్తవ్యాన్ని మోపుతాయి. అవి ఢీకొన్న ప్రసిద్ధ ఉదాహరణ ఖమ్మం సీమదే. నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న 17వ శతాబ్దంలో గోల్కొండ సుల్తాను తానీషా ఏలుబడిలో పాల్వంచ పరగణా తహసీల్దారు. సర్కారు శిస్తును భద్రాచలం రామాలయానికి వెచ్చించి చెరసాల పాలయ్యాడని సంప్రదాయం చెబుతుంది.

జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1785లో ఒక పరీక్ష పెట్టాడు: నీ పని వెనకున్న సూత్రం అందరికీ నియమం కాగలదా? మంచి పనికోసమైతే అప్పగించిన సొమ్ము వాడుకోవచ్చని అందరూ అనుకుంటే, సొమ్ము అప్పగించే నమ్మకమే మిగలదు. కాబట్టి ఆలయం ఎంత గొప్పదైనా గోపన్న చేసింది తప్పే.

ధర్మశాస్త్రాలకూ అస్తేయం అందరికీ వర్తించే సామాన్య ధర్మమే. అయితే విచారణ అక్కడ ఆగదు. స్వార్థం ఉందా, ఏ కర్తవ్యం బరువైనది అనీ అడగాలి. జనశ్రుతిలో రామలక్ష్మణులే వచ్చి తానీషాకు పైకం చెల్లించి రసీదు తీసుకుంటారు. భక్తిని మెచ్చిన కథ కూడా బాకీని మాఫీ చేయలేదు. ఈ వివరమే అన్నిటికన్నా విలువైనదనిపిస్తుంది.

ధర్మచింతన అంతటా ఇంత వెసులుబాటు లేదు. ప్రాభాకర మీమాంసకులకు వేదవిధిని విధి కాబట్టే, ఫలం చూడకుండా పాటించాలి. ఆ మేరకు వారు కాంట్‌కు దగ్గర. కాకపోతే ఆయనకు ఆజ్ఞ వివేకం నుంచి వస్తుంది, వారికి వేదం నుంచి.