నీళ్లలో చివరి కిలోమీటరు

2024 సెప్టెంబరు 3, మంగళవారం సాయంత్రం. బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగి మూడో రోజు. ముందురోజే ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వదిలారు. సింగ్‌నగర్‌కు సరుకులు పంపాలని గుంటూరులో ఒక కాలనీవాళ్లు కూడారు. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

"ఆరు లక్షలు పోగవుతాయి, మాస్టారూ. అందరికీ పంచేద్దాం" అన్నాడు ఒక కుర్రాడు.

రిటైరైన లెక్కల మాస్టారు ఒప్పుకోలేదు. "డబ్బు దగ్గర మొదలెట్టకు బాబూ. ఒక్క ఇంటికి ఏం కావాలో అది చెప్పు ముందు."

నలుగురున్న ఇల్లు, ఐదు రోజులు. మనిషికి రోజుకు నాలుగు వందల గ్రాముల బియ్యం వేస్తే ఎనిమిది కిలోలు. ఆ పూట మూడు హోల్‌సేల్ దుకాణాల్లో ధర అడిగి, తక్కువ చెప్పిన ధరను దుకాణం పేరుతో సహా రాసుకున్నారు. బియ్యం కిలో 50 చొప్పున 400. కందిపప్పు కిలోన్నరకు 255. నూనె లీటరు 120. ఉప్పు 25, కారం పసుపు 60, సంచి, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె కలిపి 40. మొత్తం 900 రూపాయలు, పన్నెండు కిలోల బరువు.

ఈ బరువు రాసుకోవడమే వాళ్లు చేసిన పెద్ద పని అని నాకనిపిస్తుంది. డబ్బు లెక్క అందరూ వేస్తారు. కిలోలు తెలిస్తేనే బండ్లు తెలుస్తాయి.

ఇళ్లెన్ని? ఆ సమాధానం సింగ్‌నగర్ నుంచి ఒక డ్వాక్రా లీడరమ్మ ఫోన్‌లో వీధుల వారీగా చెప్పింది. ఆరు వందలు. వాటిలో రెండు వందల ఇళ్లకు పడవ తప్ప దారి లేదు. "వండుకునేవాళ్లకే ఇది పంపండి అన్నయ్యా. పొయ్యి మునిగినవాళ్లకు బియ్యమిస్తే ఏం చేసుకుంటారు?" అంది. వండుకోలేని ఇళ్లను ఆవిడ ముందే తీసేసింది. వాళ్లకు పొట్లాలు, పాలు, నీళ్లు వేరే వాళ్లు అందిస్తున్నారట.

ఆరు వందల కిట్లంటే 5,40,000 రూపాయలు, 7,200 కిలోలు. కుర్రాడు రవాణాకు ఐదు శాతం వేసి 27,000 రాశాడు. మాస్టారు అది కొట్టేశారు.

"గుంటూరు నుంచి సింగ్‌నగర్ వంతెన దాకా లారీ 9,000. ఎత్తుడు దించుడు, హమాలీలకు 6,000. అక్కణ్నుంచి?"

అక్కణ్నుంచి ట్రాక్టర్. నడుములోతు నీళ్లలో ట్రక్కుకు టన్ను మించి వేస్తే తడుస్తుంది. ఎనిమిది ట్రిప్పులు, ట్రిప్పుకు 1,500 చొప్పున 12,000. తర్వాత పడవ. దానికి పాతిక కిట్లు, అంటే మూడు వందల కిలోలు. రెండు వందల ఇళ్లకు ఎనిమిది ట్రిప్పులు, ట్రిప్పు 2,000 చొప్పున 16,000. మొత్తం 43,000. ముప్పై అయిదు కిలోమీటర్ల లారీ దారికి తొమ్మిది వేలయితే, చివరి కిలోమీటరుకు ఇరవై ఎనిమిది వేలు. ఐదు శాతం లెక్కతో బయల్దేరి ఉంటే పడవల దగ్గర డబ్బు అయిపోయేది. సరుకు వంతెన మీదే ఉండిపోయేది.

అత్యవసరానికి పది శాతం కలిపితే 6,41,300 తేలింది. అదే సమయానికి ఒక మిల్లు యజమాని ఎనభై బస్తాలు ఉచితంగా ఇస్తానన్నారు, బస్తా పాతిక కిలోలు. "ఉచితమేగా, లెక్కలో రాయక్కర్లేదు" అన్నారెవరో. మాస్టారు దాన్నీ కిలో 50 చొప్పునే లక్ష రూపాయలు జమలో రాసి, అంతే ఖర్చులోనూ రాశారు. అలా రాస్తేనే కిట్టు అసలు ఖరీదు చెడదు, నగదు 5,41,300 చాలని స్పష్టంగా కనిపిస్తుంది. ఇచ్చినాయన బియ్యం ఎటు పోయిందో కూడా తెలుస్తుంది.

తెల్లారి లారీ కదిలింది. మిల్లు బియ్యం ఎనభై బస్తాలూ వంతెన దగ్గరే తూచి సంచుల్లోకి పోద్దామని విడిగా వేశారు. చేతులు మారిన ప్రతిచోటా స్లిప్పు: ఎవరిచ్చారు, ఎన్ని, బండి నంబరు, తీసుకున్నవాళ్ల సంతకం. లారీలో ఎనభై ఎక్కాయి, వంతెన దగ్గర ఎనభై దిగాయి. ట్రాక్టర్ల దగ్గరికి మోసుకెళ్లి ట్రక్కుల్లో వేసి, సంచుల్లోకి పోసేటప్పుడు లెక్కపెడితే డెబ్బై ఎనిమిదే.

గొంతులు లేచాయి. కొందరు హమాలీల వైపు చూశారు. లీడరమ్మ స్లిప్పులు వరుసగా పేర్చింది. తేడా ఒక్కచోటే, మూడో ట్రాక్టర్ దగ్గర. డ్రైవర్ని అడిగితే అడుగున ఉన్న రెండు బస్తాలు నానిపోయాయనీ, ట్రక్కులోనే వదిలేశాననీ చెప్పాడు. వెళ్లి చూస్తే ఉన్నాయి. వాటిని తూచి, ఫొటో తీసి, "పాడైనవి, 50 కిలోలు" అని రాసి ఇద్దరు సంతకాలు చేశారు. తగ్గిన 2,500 రూపాయల బియ్యం అత్యవసర నిధిలోంచి అక్కడే కొన్నారు.

పంపకంలో ఇంటి యజమాని పేరు, వీధి, సంతకమో వేలిముద్రో తీసుకున్నారు. ఆధార్ అడగలేదు, చాలామందికి కాగితాలు నీళ్లలో ఉన్నాయి. పన్నెండు ఇళ్లకు తాళాలు. ఆ పన్నెండు కిట్లూ పక్క వీధిలో పన్నెండు ఇళ్లకిచ్చి, జాబితాలో వేరే పేజీ తెరిచారు.

వారం తర్వాత మిల్లు యజమాని ఫోన్ చేశారు. మాస్టారు పుస్తకం తెరిచి చదివారు: "మీ ఎనభైలో డెబ్బై ఎనిమిది బస్తాలు ఇళ్లకు చేరాయండీ. రెండు తడిసి పాడయ్యాయి, వాటి బదులు మేం కొన్నాం. స్లిప్పుల నకళ్లు పంపిస్తున్నాను."