పండగ టికెట్టు: అరవయ్యా, నూట ఇరవయ్యా?

2017లో పెద్దపల్లి-నిజామాబాద్ లైను పూర్తయ్యాక ముంబైలో ఉండే మా మెట్‌పల్లి వాళ్ళకి ఊరిదాకా రైలు దొరికింది. కానీ టికెట్టుకి ఎన్ని రోజుల ముందు కూర్చోవాలన్నదే నిలకడగా లేదు. 2013 మేలో రైల్వే 120 రోజుల గడువుని 60కి తగ్గించింది, 2015 ఏప్రిల్‌లో మళ్ళీ 120 చేసింది, 2024 నవంబర్ 1 నుంచి మళ్ళీ 60. (మన క్లయింట్లే నయం!)

61 నుంచి 120 రోజుల ముందు చేసిన బుకింగుల్లో దాదాపు 21 శాతం కాన్సిల్ అవుతున్నాయని రైల్వే చెప్పిన కారణం. నిజమే, లీవు సంగతి తేలకుండానే బెర్తు పట్టేసి, తర్వాత వదిలేసేవాళ్ళం. అప్పటిదాకా వెనకున్నవాడు వెయిటింగ్ లిస్టులోనే.

2025లో సద్దుల బతుకమ్మ సెప్టెంబర్ 30న వచ్చింది. 29న ముంబైలో ఎక్కాలంటే పాత లెక్కలో జూన్ 1న బుక్ చెయ్యాలి, కొత్త లెక్కలో జూలై 31 పొద్దున 8కి. ప్రయాణం రోజుని ఈ లెక్కలో కలపరు. మావాడొకడు అదీ కలిపి ఆగస్టు 1న కూర్చున్నాడు. నలుగురికీ స్లీపర్‌లో PQWL, అంటే బండి చివరిదాకా వెళ్ళకుండా మధ్యలో దిగేవాళ్ళ చిన్న కోటా. జనరల్ వెయిటింగ్ లిస్టు కదిలినంతగా అది కదలదు. చార్టయ్యాక ఈ-టికెట్టు దానంతటదే రద్దయింది, మనిషికి 60 చొప్పున 240 రూపాయలు కోసుకున్నారు. 2015 నవంబర్‌కి ముందు ఆ కోత 30 ఉండేది.

వాడు చివరికి బస్సుల్లో మారుతూ సద్దుల తెల్లారి ఊరు చేరాడు.